డయల్ మీద మచ్చ

“ఈ వాచీ అసలు ముళ్లు మీ తమ్ముడే కొట్టేశాడు. పోలీసుల్ని పిలవనా?” అన్నాడు, బాగుచెయ్యమని పాత వాచీ ఇచ్చిన యజమాని.

వాచీలు బాగుచేసే మామయ్య దాని మీద టార్చి వేసి ఆర్పాడు. చీకట్లో ముళ్లు వెలిగాయి, రంగు పాడైన పాత డయల్ అంకెలు వెలగలేదు. ముళ్లు కొత్తవే.

“తుప్పు పట్టాయని మార్చానన్నయ్యా, తిరిగివ్వడం మర్చిపోయా!” తమ్ముడు సొరుగులోంచి చిన్న పొట్లం తీశాడు.

“ఏవో ముళ్లు చూపిస్తే నమ్మాలా?” అన్నాడు యజమాని.

ఏళ్లపాటు ఆగి ఉన్న వాచీలో, చీకట్లో వెలగడానికి ముళ్లకు పూసిన రేడియం రంగు వాటి ఆకారంలోనే డయల్‌ను గోధుమరంగుకు కాల్చింది. మామయ్య కొత్త ముళ్లు తీసి, పట్టకారుతో పాత ముళ్లను ఆ మచ్చ మీద పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది.

యజమాని భూతద్దంలోంచి చూసి, “ఇవే బిగించండి,” అన్నాడు.

తమ్ముడు బిగించబోయాడు. ఆగి, పట్టకారు అన్నయ్య చేతికిచ్చాడు.