పేరు లేని సగం షీటు

నాకు చదువు రాదు. సంతకం పెట్టడం వరకే. అందుకని మందులన్నీ రంగును బట్టి గుర్తు పెట్టుకున్నాను. ఆకుపచ్చది షుగరుకి, తెల్లది బీపీకి. మా ఊరి మందుల షాపతను ఏది చేతిలో పెడితే అది వేసుకున్నాను ఇన్నేళ్లూ. మా ఆయనకు అతను ప్రాణ స్నేహితుడు. ఆయన పాడె మోసినవాళ్లలో అతనూ ఒకడు. అప్పటినుంచి నాకు తమ్ముడు లేని లోటు తీరిందనుకున్నాను.

ఆ రోజు పెద్ద షీటు తీసి, కత్తెరతో ఐదు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. గులాబీ రంగువి.

"ఇదేంటి తమ్ముడూ, రంగు మారింది?"

"షుగరుకే అక్కా. పొద్దున్నే టిఫినుకి ముందు ఒకటి."

"పొరపాటేం లేదు కదా?"

"భలేదానివే! నేను నీకు విషం ఇస్తానా ఏంటి?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. పాతది మానెయ్యమని అనలేదు. కొత్తది కూడా కలిపి వేసుకోవాలి కాబోలనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రెండూ మింగి, పొయ్యి మీద ఇడ్లీ పెట్టాను. అంతలో పక్కింటి కోడలు వచ్చింది. ఆ పిల్ల ఆశా కార్యకర్త. షుగరు చూసే మిషను పట్టుకుని వారానికోసారి వస్తుంది. స్టూలు మీద రెండు షీట్లు చూసి, "పిన్నీ, రెండూ వేసుకున్నారా?" అంది. అవును, రెండూ షుగరుకేనన్నాను. ఆకుపచ్చ షీటు వెనక సన్నక్షరాలు చదివింది. గులాబీది తిప్పి చూస్తే కత్తెర పడి పేరు సగమే ఉంది. చివర నాలుగు అక్షరాలు, ఒక అంకె.

"కంపెనీ వేరుగానీ మందొకటే అయ్యుంటుంది. ఎప్పుడు మింగారు?"

"పావుగంటయ్యుంటది. పోన్లేవే, ఉప్పునీళ్లు తాగి కక్కేస్తాను."

"అమ్మో, ఆ పని చెయ్యకండి!" అని, విషం తిన్నవాళ్లకోసం ఉండే హెల్ప్‌లైనుకి ఫోను చేసింది. అవతల హిందీ. ఈ పిల్లది గోదావరి హిందీ. "ఆయ్, బహుత్ షుగర్ గోలీ" అంటుంటే భయంలోనూ నవ్వొచ్చింది. నా వయసు, బరువు, ఏ మాత్రలు, ఎన్ని, ఎప్పుడు, ఇంకేం మందులు వాడతాను, ఒళ్లెలా ఉంది, అన్నీ అడిగారు. వాంతి చేయించొద్దన్నారు. మెలకువగా ఉండి మింగగలిగితే ఇడ్లీ తినిపించమన్నారు. ఇప్పుడు బాగానే ఉన్నా షుగరు కొన్ని గంటల తర్వాత కూడా పడిపోవచ్చు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రెండు షీట్లూ పట్టుకెళ్లండి అన్నారు. పేరు తెలిస్తే మంచిదేగానీ, దానికోసం ఆగొద్దన్నారు.

వేలు గుచ్చి చూస్తే తొంభై. నాకు రోజూ నూటయాభైకి తగ్గదు. రెండు ఇడ్లీలు తినిపించి, ఆటో పిలిచి, ఎక్కుతూ ఆ పిల్ల షాపుకి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

"బాబాయ్, నిన్న పిన్నికి ఇచ్చిన గులాబీ మాత్ర పేరేంటండీ? రెండూ మింగేశారు."

"మా షాపులోది కాదమ్మా. ఆవిడకి చదువు రాదు కదా, ఎక్కడ కొనుక్కుందో ఏంటో" అన్నాడు.

నేను పక్కనే ఉన్నానని అతనికి తెలియదు. ఒళ్లంతా చెమట పట్టింది. మాత్ర వల్లో, ఆ మాట వల్లో నాకు తెలియలేదు.

ఆసుపత్రికి చేరేసరికి చేతులు వణుకుతున్నాయి. షుగరు యాభై. సూది గుచ్చి గ్లూకోజు ఎక్కించారు. గంటగంటకీ వేలు గుచ్చారు. పేరు తెలియని ఆ మాత్ర ఎంతసేపు పనిచేస్తుందో తేలక, డాక్టరు ఆ సగం షీటుని వెలుతురులో పెట్టి తిప్పి తిప్పి చూశాడు.

సాయంత్రం షాపతనే వచ్చాడు, కొబ్బరిబొండం పట్టుకుని. మంచం పక్కన వంగి మెల్లగా, "అక్కా, డాక్టరుగారు అడిగితే పాతవే రెండు మింగేశానని చెప్పు. చీటీ లేకుండా ఇచ్చానని తెలిస్తే నా లైసెన్సు పోద్ది" అన్నాడు.

"నా ప్రాణం పోద్దనుకోలేదా?"

"అలా ఏం కాదులేక్కా. ఆ మందే, కంపెనీ వేరు, అంతే."

పొద్దున ఆటోలో అడిగిన మాటకి జవాబు ఇప్పుడు నా చెవిలో చెబుతున్నాడు. నేను గొంతెత్తి నర్సుని పిలిచాను. "అమ్మా, ఇలా రా. ఆ గులాబీ మాత్ర పేరు ఈయనకి తెలుసు. రాసుకో."

నర్సు కాగితం పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఇంకెటూ పోలేక పేరు చెప్పాడు, ఎంత పవరో కూడా చెప్పాడు. రెండూ ఒకటే మందని తేలింది. రేపటిదాకా ఇంటికి పంపేది లేదని డాక్టరు అన్నాడు.

అతను వెళ్తూ వెళ్తూ "అక్కా" అన్నాడు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.