మూడో క్లాసు బావ

మా బావ రాజనర్సుకు రైలెక్కితే ఒక జబ్బు తిరగబెట్టేది. ఎదురుగా కూర్చున్న మనిషి ఎవరైనా సరే, "బావా" అని పిలిచి ఆటపట్టించందే ఆయనకు ప్రయాణం చేసినట్టుండేది కాదు. ఆయన భార్య పోశమ్మకు తమ్ముణ్ణి, అసలు సిసలు బామ్మర్దిని, లింగమూర్తి అనేవాణ్ణి నేను పక్కనే ఉండేవాణ్ణి. సరదా తీర్చుకోవడానికి నేను చాలనా అని అడిగితే, "నిన్ను ఇంటికాడ రోజు అంటనే ఉన్న గద, రైల్ల గూడ నువ్వేనా" అనేవాడు.

మా సిద్దిపేటకు రైలు లేదు. అది ఊరి జనం చేసుకున్న పుణ్యమని నా నమ్మకం. యుద్ధం రోజులవి. నూలుకు కంట్రోలు, పెట్రోలుకు కరువు. నేసిన చీరలు మూట కట్టుకుని బొగ్గుతో నడిచే బస్సులో చేర్యాల మీదుగా జనగామ పోయి, మసి ముఖాలతో సికింద్రాబాదు బండిలో మూడో క్లాసు పెట్టె ఎక్కేవాళ్లం. బస్సులో మా బావ నోరు మెదిపేవాడు కాదు. రైల్లో వాడుకుందామని దాచుకునేవాడేమో.

ఆయన పద్ధతి చూసి చూసి నాకు కంఠతా వచ్చింది. ముందు తన్ను తానే తిట్టుకునేవాడు. "జర జరుగు బావా, నా బట్టతల ఎండకు కాలి ఉన్నది, తగిలితే బొబ్బలొస్తయి" అనేవాడు. ఎదుటివాడు నవ్వితే, "ఏ ఊరు మనది" అని అడిగేవాడు. ఏ ఊరు చెప్పినా సరే, ఆ ఊరి పక్క ఊళ్లో మా బావకు ఒక మేనత్త పుట్టుకొచ్చేది. దాంతో వావి కుదిరిపోయేది. ఇక ఆ మనిషి మూట మీదో, గొడుగు మీదో, చెప్పుల కిర్రు మీదో ఒక్క మాట విసిరేవాడు. మనిషి మీద కాదు, సామాను మీద. విసిరి ఊరుకునేవాడు. అవతలివాడు, "నీ తల కంటె నా గొడుగే నయం బావా, తెరిస్తెనన్న నీడనిస్తది" అన్నాడా, మా బావ ముఖం వెలిగిపోయేది. ఆలేరు వచ్చేసరికి ఇద్దరూ ఒకే సద్దిమూట విప్పుకుని కూర్చునేవారు. నా వాటా రొట్టె కూడా ఆ చుట్టరికానికే పోయేది.

ఆడవాళ్లతో ఈ ఆట లేదు. వాళ్లను "అక్కా" అని పిలిచి, ఇంట్లో తాను పడే అగచాట్లు చెప్పుకునేవాడు. వాళ్లు మా అక్క పక్షాన నవ్వేవారు.

ఒకసారి మాత్రం గట్టిగా దెబ్బతిన్నాడు. కొత్త ధోవతి కట్టుకున్న ఒక కుర్రవాణ్ణి పట్టుకుని, "బావా, ధోవతి నువ్వు కట్టుకున్నవా, అదే నిన్ను కట్టుకున్నదా" అన్నాడు. పెట్టెలో అందరూ నవ్వారు. కుర్రవాడు మాత్రం కందగడ్డలా ఎర్రబడి తల దించుకున్నాడు. పక్కన కొంగు నిండా కప్పుకుని కూర్చున్నది అతని కొత్త అత్తగారని మాకు భువనగిరిలో గాని తెలియలేదు. అత్త ముందు అల్లుడు తిరిగి ఏం అంటాడు, పాపం. మా బావ ఆ రోజు ఇంకెవరినీ "బావా" అని పిలవలేదు. ఇంటికొచ్చాక, "తిరిగి అనే వీలు లేనోన్ని అనుడు తప్పు లింగమూర్తీ" అన్నాడు. జబ్బు కుదిరిందని సంతోషించాను. మళ్లీ వారమే తిరగబెట్టింది.

ఇక అసలు సంగతి. ఓ రోజు జనగామలో మా పెట్టెలోకి ఒక బక్కపలచని మనిషి ఎక్కాడు. చంకలో చిన్న మూట. కిటికీ పక్కన ఒదిగి కూర్చుని బయటికి చూస్తున్నాడు. మా బావ బట్టతల నిమురుకుని సిద్ధమయ్యాడు.

"జర పైలం బావా, ఎండకు కాలిన తల, తగిలితే బొబ్బలొస్తయి. ఏ ఊరు మనది?"

"చింతమడక అన్నా. యోహాను నా పేరు."

అంతే. మా బావ చేతులు మడిచి కూర్చున్నాడు. నేను నివ్వెరపోయాను. చింతమడక మా సిద్దిపేట పక్కనే. అక్కడ నిజంగానే ఆయనకు మేనత్త ఉంది. "ఏంది బావా, ఆగినవ్?" అని చెవిలో అడిగాను.

"నేను బావ అంటె గాయన అన్న అన్నడు. అన్నతోని పరాచికాలుండయి. తలుపు మెల్లగ మూసిండు. మల్ల కొట్టద్దు."

కాని ఎదుటి బెంచీ మీద భిక్షపతి అని ఒక కలప వ్యాపారి ఉన్నాడు. మా బావ వదిలేసిన ఆట తాను అందుకున్నాడు. నలుగురూ నవ్వితే చాలు, ఎవరు నవ్వుతున్నారో, ఎవరు లేదో చూసే మనిషి కాదు.

"ఏందిర మూటల? బంగారమా, గట్ల వట్టుకున్నవ్?"

యోహాను మూటను ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. మూట ముడి సందులోంచి రంగురంగుల గుడ్డపేలికల బొంత అంచు కనిపిస్తోంది. భిక్షపతి వేలితో లాగాడు.

"బొంతనా? గింత చిన్నదా? నీ మోకాల్లకు గూడ రాదు గదర."

పెట్టె ఘొల్లుమంది. యోహాను అంచును లోపలికి దోపుకుని, కిటికీ చువ్వ పట్టుకున్నాడు. ఆ వేళ్ల మధ్య సికింద్రాబాదు దవాఖాన చీటీ ఒకటి నలుగుతోంది. మా బావ ఆ చేతినే చూస్తున్నాడు. అప్పుడు నాకూ అర్థమైంది. పురిటి బిడ్డకు కుట్టిన బొంత అది. దవాఖానలో ఇతని మనిషి ఎవరో ఉన్నారు. ఆ బొంత పని పడుతుందో లేదో ఇతనికింకా తెలియదు. భిక్షపతి ఇంకొక్క ప్రశ్న అడిగితే, అది ఇంతమంది ముందు చెప్పుకోవలసి వస్తుంది.

"బావా భిక్షపతీ," అన్నాడు మా బావ, "గా బొంతల ఏమున్నది. నీకు అసలు వింత జూపిస్త."

మా మూట విప్పి, అడుగున దాచిన చీర తీశాడు. నేను ఆయన చెయ్యి పట్టుకోబోయాను. నేస్తుంటే నడుమ అడ్డంగా నేసే పేకనూలు అయిపోయి, కంట్రోలులో దొరికిన వేరే నూలు అద్దకం కలవక, సగం వంకాయ రంగు, సగం ఉల్లిపొర రంగు వచ్చిన చీర అది. సికింద్రాబాదులో మా చీరలు కొనే సావుకారుకు చాటుగా అంటగడదామని ఇద్దరం ఒట్టు పెట్టుకున్నాం. మా వీధిలో మగ్గం మీద మా బావను మించినవాడు లేడని పేరు. ఆ పేరును పెట్టె మధ్యలో పరిచాడు.

"ఇది ఇద్దరు గట్టుకునే చీరనా?" అన్నాడు భిక్షపతి.

"ఒక్కలే గట్టాలె. పొద్దున ఒక దిక్కు, మాపటికి ఒక దిక్కు."

"తాగి నేసినవా ఏంది?"

"తాగితె సక్కగనే వస్తుండె బావా. గా పొద్దు దొరకలే."

భువనగిరి దాకా, బీబీనగరు దాకా, ఘట్‌కేసరు దాకా అందరూ మా బావను ఆడుకున్నారు. నేనూ ఒకటి రెండు అన్నాను, నాకు మళ్లీ అవకాశం రాదని. బొంత సంగతి అందరూ మరిచారు. యోహాను చివరిదాకా కిటికీలోంచే చూశాడు. దిగేటప్పుడు మాత్రం ఆగి, మా బావ వైపు ఒకసారి చూసి పోయాడు.

చీర అమ్ముడుపోలేదు. సావుకారు కూడా నవ్వాడు. కొన్నాళ్లు అక్కడే తిరిగి, మిగిలిన సరుకు అమ్ముకుని తిరుగు బండి ఎక్కాం. మా బావ ఎవరినీ పలకరించకుండా, ఆ రెండు రంగుల చీర అంచు బయటికి కనిపిస్తున్న మూట మీద తల ఆనించి కూర్చున్నాడు. బండి కదిలే వేళకు వెనక బెంచీ నుంచి ఒక గొంతు వచ్చింది.

"బావా, ఎండకు కాలిన తలకాయ గా చీరతోనన్న కప్పుకోరాదూ. అమ్ముడయితె పోలేదాయె."

తిరిగి చూస్తే యోహాను. పక్కన అతని భార్య కిష్టవ్వ, నీరసంగా ఉన్నా నవ్వుతోంది. ఆమె ఒళ్లో రంగురంగుల బొంత. బొంతలోంచి పిడికిలంత ముఖం.

మా బావ నోరు తెరిచాడు. మాట రాలేదు. నా జన్మలో మొదటిసారి చూశాను. యోహాను, మాటలకు కూడా ఇంత కరువా అన్నట్టు నా వైపు తిరిగాడు.

"ఏంది, మా బావ పలుకుతలేడు?"

"మూసిన తలుపు నువ్వే తెరిచినవ్ గద," అన్నాను. "లోపలికి రానీకి సిగ్గుపడుతున్నడు."