నాలుగో వస్తువు

వెంగ్ యూచిన్‌కు యాభై ఒకటో ఏట ఉద్యోగం పోయింది. ఆమె ఉండే చాంగ్‌హువా పట్టణంలో ఇరవై రెండేళ్లు పనిచేసిన బ్యాగుల ఫ్యాక్టరీని యజమానులు వియత్నాంకు తరలించేశారు. నాలుగు నెలలు ఎన్నో దరఖాస్తులు పెట్టాక, పక్క నగరం తైచుంగ్‌లో ప్రయాణపు సంచులు కుట్టే ఒక కంపెనీ నుంచి పిలుపు వచ్చింది. నాణ్యత తనిఖీ బృందానికి నాయకురాలి ఉద్యోగం. గురువారం ఉదయం పది గంటలకు ఇంటర్వ్యూ.

"వస్తానని చెప్తూ మెయిల్ పెట్టాలమ్మా," అంది కూతురు పిన్‌యున్, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరుస్తూ. ఆ పిల్ల కాలేజీలో చివరి సంవత్సరం చదువుతోంది. ఇలాంటి మెయిళ్లు రాయడంలో చెయ్యి తిరిగింది.

"పిలిచింది వాళ్లే కదే. వెళ్తే సరిపోదా?"

"సరిపోదు. తేదీ, సమయం, చోటు మళ్లీ రాసి ఖాయం చెయ్యాలి. ఏమేం తెస్తున్నావో చెప్పాలి. ఇంటర్వ్యూ ఎవరు చేస్తారో, ఏ బట్టల్లో రావాలో అడగాలి. అడిగితే శ్రద్ధ ఉన్న మనిషనుకుంటారు."

పిన్‌యున్ టకటకా కొట్టుకుంటూ పోయింది. పిలిచినందుకు ధన్యవాదాలు, గురువారం పది గంటలకు రెండో అంతస్తు ఆఫీసుకు వస్తాను. వెంట తెచ్చేవి: ఒకటి, బయోడేటా మూడు ప్రతులు. రెండు, గుర్తింపు కార్డు. మూడు, పాత కంపెనీ ఇచ్చిన సర్వీసు సర్టిఫికెట్.

"ఇంకేమైనా చూపించడానికుందా? నీ పని కనిపించేది?"

యూచిన్ కాసేపు ఆలోచించి, "ఆల్బం ఉంది," అంది.

ఆ ఆల్బం ఆమె బీరువాలో, దుప్పట్ల కింద ఉంది. బట్ట అట్ట, నలభై పేజీలు. ప్రతి పేజీలో ఒక కుట్టు లోపం నిజంగా కుట్టి అంటించి ఉంటుంది. దాటిపోయిన కుట్టు, ముడత పడిన అంచు, బిగువు చాలక వేలాడిన దారం, జిప్పు పక్కన వంకరపోయిన గీత. ప్రతి దాని పక్కనా అది ఎందుకు వస్తుందో, ఎలా పట్టుకోవాలో చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొత్తగా చేరిన తనిఖీ అమ్మాయిలందరూ ఆ ఆల్బం చూసే పని నేర్చుకున్నారు.

"నాలుగు, స్వయంగా తయారుచేసిన కుట్టు లోపాల నమూనా ఆల్బం," అని పైకి చదువుతూ కొట్టింది పిన్‌యున్. "చూసుకో, పంపేయనా?"

యూచిన్ తెర వైపు వంగి మొత్తం చదివింది. 'స్వయంగా' అన్న మాట దగ్గర చూపు ఆగింది.

"పంపెయ్," అంది.

మర్నాడు మధ్యాహ్నం జవాబు వచ్చింది. యూచిన్ అప్పుడు మార్కెట్లో వెదురు మొలకలు బేరమాడుతోంది. ఫోను తీసి అక్కడే నిలబడి చదివింది. రాసింది సిబ్బంది విభాగంలోని గువో అనే అమ్మాయి. సూటు అక్కర్లేదు, శుభ్రంగా ఉండే మామూలు బట్టలు చాలు. మాటలయ్యాక కుట్టు విభాగం చూపిస్తాం కాబట్టి ఎత్తు మడమలు లేని మూసిన బూట్లు వేసుకోండి, జుట్టు ముడివేసుకోండి, ఉంగరాలు వద్దు. ఇంటర్వ్యూ చేసేది ఇద్దరు: ఉత్పత్తి మేనేజర్ లాయ్ గారు, నాణ్యత విభాగాధిపతి షి మెయ్‌లువాన్ గారు. మీరు తెస్తున్న వాటి జాబితా ఇద్దరికీ అందజేశాను.

"తీసుకుంటావా అక్కా, లేదా?" అని కూరలమ్మే ఆమె రెండుసార్లు అడిగింది. యూచిన్‌కు వినబడలేదు.

ఆ ఆల్బం కుట్టింది మెయ్‌లువాన్.

పదమూడేళ్ల కిందటి మాట. మెయ్‌లువాన్ అప్పుడు తనిఖీ పనిలో ఉన్న ఇరవై ఏడేళ్ల అమ్మాయి. ఎనిమిది నెలలు, మధ్యాహ్నం అన్నం తినే అరగంటలో సగం కోసుకుని ఆ పేజీలు కుట్టింది. పూర్తయ్యాక, "యూచిన్ అక్కా, మీరే మేనేజర్‌కు చూపించండి, నాకు భయం," అని ఆమె చేతిలో పెట్టింది. మేనేజర్ పేజీలు తిప్పి, "భలే చేశావు యూచిన్!" అన్నాడు. కాదండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆమె నవ్వి ఊరుకుంది. ఆ నెలలోనే లీడర్ అయింది. మెయ్‌లువాన్ ఏమీ అనలేదు. ఏడాది తిరక్కుండా పని మానేసి వెళ్లిపోయింది. వెళ్లే రోజు అందరికీ వీడ్కోలు చెప్పింది, యూచిన్‌కు తప్ప.

బుధవారం యూచిన్ తానే లాప్‌టాప్ ముందు కూర్చుంది. ఒంట్లో బాగాలేదు, రాలేను అని రాసి చెరిపేసింది. మళ్లీ మొదలుపెట్టింది. 'నా మెయిల్‌లో నాలుగో వస్తువు గురించి పొరపాటు రాశాను. దాన్ని తయారుచేసింది నేను కాదు, షి మెయ్‌లువాన్ గారు.' చదువుకుంటే ముఖం వేడెక్కింది. పొరపాటట! పదమూడేళ్ల పొరపాటు! ఆ గువో అమ్మాయి చదువుతుంది, మేనేజర్ చదువుతాడు. అదీ చెరిపేసి మూత వేసింది.

గురువారం పావు తక్కువ పదికే చేరింది. నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, ముడివేసిన జుట్టు. పెళ్లి ఉంగరం ఇంట్లోనే తీసి పెట్టింది. మెయ్‌లువాన్ గదిలోకి వచ్చి, "రండి వెంగ్ గారూ, కూర్చోండి," అంది. గొంతులో కోపం లేదు, చనువూ లేదు. అక్కా అని పిలవలేదు.

లాయ్ బోళా మనిషి. మెయిల్‌ను ముద్రించి తెచ్చుకుని ఒక్కొక్కటీ టిక్కు పెట్టుకున్నాడు. "బయోడేటాలు... కార్డు... సర్టిఫికెట్. మరి ఆ ఆల్బమేదీ? నేను ముఖ్యంగా దానికోసమే చూస్తున్నా."

యూచిన్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. ఆయన పేజీలు తిప్పుతూ ముందుకు వంగాడు. "అబ్బో! ఎంత ఓపికండీ మీకు! దీనికి ఎన్నాళ్లు పట్టింది?"

మెయ్‌లువాన్ చేతిలో పెన్ను కదలలేదు. ఆమె ఆల్బం వైపు చూడటం లేదు, యూచిన్ ముఖంలోకే చూస్తోంది.

"ఎనిమిది నెలలు," అంది యూచిన్. "పట్టింది నాకు కాదండీ. ఇది నేను చెయ్యలేదు. ఈ మేడమ్ చేశారు. నేను చేశాననుకుంటే కాదనకుండా ఊరుకుని లీడర్ అయ్యాను. మొన్న మెయిల్‌లోనూ నేనే చేశానని రాశాను."

లాయ్ చేతిలో పేజీ సగంలో ఆగింది. అటూ ఇటూ చూశాడు. "షి గారూ, మీకు ముందే తెలుసా?"

"జాబితా చూసినప్పుడు తెలిసింది," అంది మెయ్‌లువాన్. "వస్తారో రారో చూద్దామనుకున్నా."

"మెయ్‌లువాన్, నేను..."

"ఇక్కడొద్దు," అంది ఆమె. తర్వాత కొంచెం ఆగి, "ఆ రోజు మేనేజర్ గది తలుపు బయట నిలబడి ఉన్నాను. ఆయన మెచ్చుకోవడం విన్నాను. మీరేమంటారో అని చాలాసేపు విన్నాను," అంది.

యూచిన్ తల ఎత్తలేకపోయింది. మెయ్‌లువాన్ వింటూ నిలబడిందన్న సంగతి ఇన్నేళ్లూ తెలియదు.

మెయ్‌లువాన్ ఆల్బం తన వైపు లాక్కుంది. "ఇది నా దగ్గరుంటుంది," అని ఫైళ్ల కింద పెట్టుకుంది. ఆ తర్వాత, ఏమీ జరగనట్టే, లోపలి అస్తరు చిరిగిన సంచులు వస్తే కారణం ఎక్కడ వెతుకుతారు, గంటకు ఎన్ని సంచులు చూడగలరు అని అడగాల్సినవన్నీ అడిగింది. కుట్టు విభాగం కూడా చూపించింది. మిషన్ల రొదలో ముందు నడుస్తూ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు.

గేటు బయట స్కూటర్ దగ్గర నిలబడి యూచిన్ కూతురికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"అమ్మా, పంపేముందు చదివావు కదా?"

"చదివాను."

"నేను నా స్నేహితులందరికీ ఆ ఆల్బం సంగతి చెప్పుకున్నాను. చిన్నప్పటి నుంచీ," అంది పిల్ల, ఏడుపు మింగుకుంటూ. "సరేలే, ఇంటికి రా. నెమ్మదిగా నడుపు."

వారం తర్వాత మరొకరిని తీసుకున్నామని గువో మర్యాదగా రాసింది. కొన్నాళ్లకు యూచిన్ ఊళ్లోనే ఒక పరదాల దుకాణంలో అంచులు కుట్టే పనిలో చేరింది. మెయ్‌లువాన్‌కు ఉత్తరం రాయాలని రెండుసార్లు కూర్చుంది. క్షమించమని అడగడం కూడా ఆమె దగ్గర ఇంకేదో తీసుకోవడమే అనిపించి, కాగితం మడిచి పక్కన పెట్టింది.