కొట్టేసిన నూనె మాట

నేను రాసిన తోలుబొమ్మలాటలో పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. దాన్ని ఆరోగ్య కేంద్రం అధికారి ఎర్ర సిరాతో కొట్టేశాడు.

చిలకలూరిపేట దగ్గర మా ఊళ్ళో ఆరోగ్య దినానికి చేతులు కడుక్కోవడం మీద ఆట రాయమని ఆయనే అడిగాడు. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి, అయినా ఒప్పుకున్నాను. బొమ్మలాడించే ఆయన ముందే హెచ్చరించాడు, తోలుబొమ్మకు వేళ్ళు విడిగా కదలవని. అందుకే వేళ్ళ సందులు, గోళ్ళు, బొటనవేళ్ళు అన్నీ పాటలో పెట్టాను. చేతులు రుద్దాల్సినంత సేపు, అంటే ఇరవై సెకన్లు, పాట సాగాలి. గడియారం చూసుకుని చరణాలు కత్తిరించాను.

మా పక్కింటి అమ్మాయి షెడ్డులో మిరపకాయల తొడిమలు తీస్తుంది. ఆమె ఏడాదిన్నర బిడ్డకు అప్పటికి రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. చేతులు కడుక్కుని బిడ్డకు అన్నం పెట్టొచ్చుగా అంటే నవ్వింది.

"నీళ్ళు తగిలితే నిప్పులే తాతా. కొంగుకు తుడుచుకుని పెడతా."

బతికున్నన్నాళ్ళూ మా ఆవిడా ఆ తొడిమల పనే చేసింది. ఆమె ముందు చేతులకు నూనె రాసి, గుడ్డతో తుడిచి, ఆ తర్వాతే సబ్బు పెట్టేది. మంట చాలావరకు దిగేది. ఆ మాటే ఆటలో ఆడబొమ్మ చేత చెప్పించాను.

అధికారి దాని పక్కన "సందేశంలో లేదు" అని రాశాడు. నేను వెళ్ళి మిరపకాయల సంగతి చెబితే, సబ్బూ నీళ్ళూ చాలన్నాడు. నూనె మాట వస్తే జనం సబ్బు మానేస్తారట.

బడి గది కిటికీలకు దుప్పట్లు కట్టి, తెర వెనక బల్బు పెట్టి ఆడించారు. బొమ్మ సబ్బు పాట పాడుతుంటే ఆ అమ్మాయి లేచింది.

"ఆ బొమ్మని మా షెడ్డుకు పంపండి. రెండు బస్తాలు తొడిమలు తీశాక కడుక్కోమనండి, చూద్దాం."

ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. అధికారి కూడా నవ్వి, ఫోటో తీయించుకున్నాడు.

మూడు వారాలకు బిడ్డకు మళ్ళీ విరేచనాలు పట్టుకున్నాయి. గుంటూరు తీసుకెళ్ళారు. గుడ్డలో చుట్టి వెనక్కి తెచ్చారు.

ఆ చేతుల వల్లే అని నేను రుజువు చేయలేను. కానీ నూనె సంగతి గోడ ఇవతల నుంచి నేనే చెప్పి ఉండొచ్చు. ఆటలో వింటుందిలే, బొమ్మ చెబితే నమ్ముతుందిలే అనుకున్నాను. రాసినవాడి గర్వం అది. మాట కొట్టేశాక కోపంతో ఊగిపోయాను గాని, గోడ దాటి వెళ్ళి చెప్పాలన్న బుద్ధి పుట్టలేదు.

పై ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాశాను. బిడ్డ సంగతీ రాశాను. మూడోదానికి జవాబు వచ్చింది:

"మీ సూచన పరిశీలించడమైనది. ఆమోదించిన సందేశంలో మార్పునకు వీలు లేదు. కార్యక్రమం విజయవంతమైనందున వచ్చే సంవత్సరం కూడా అదే ఆటను ప్రదర్శించవలసినదిగా కోరడమైనది."