మూసుకున్న ఎడమ కన్ను

హన్మకొండల మాది ఫ్లెక్సీల దుకాణం. మా అమ్మ పోయింది, తెల్లారితే చర్చిల ఆమె జ్ఞాపకార్థ కూడిక. ఊరందరి ఫొటోలు కొట్టే నా దగ్గర అమ్మది మంచి ఫొటో ఒక్కటి లేదు. ఆధార్ కార్డు మీది మసక ఫొటో ఇచ్చి ఏఐతోటి బొమ్మ చేయించిన. నవ్వు, తెల్లచీర, అన్నీ అచ్చం అమ్మే. ఎడమ కన్నొక్కటే మూసుకపోయింది.

మళ్లా మొదటిసంది చేయిస్తే ఆ నవ్వు పోతది. అందుకే స్క్రీన్ మీద ఆ కన్ను వరకే బ్రష్‌తోటి పూసి, ఆ జాగనే మార్చుమని రాసిన: "కన్ను మూసుకోవద్దు." మూసిందే వచ్చింది. "మూసిన కన్ను వద్దు" అని రాసిన. ఇంకింత గట్టిగ మూసుకుంది. మౌస్ విసిరికొట్టిన. అంతలనే మా పెద్దన్న ఫోను: "ప్రింటయిందారా? పాస్టర్ గారు అడుగుతాండ్రు."

మా దుకాణంల డిజైన్ చేసే అమ్మాయి పక్కకొచ్చి కూసుంది.

"అన్నా, దానికి వద్దంటే సమజ్ కాదు. మూసిన అనే మాటనే పట్టుకుంటది. ఏం కావాల్నో అదే రాయి. జర రెప్పలు, కనుబొమ్మ దాక పెద్దగ పుయ్యి."

అట్లనే పూసి రాసిన: "తెరిచిన కన్ను, కుడి కన్ను లెక్కనే, నా దిక్కు చూస్తాంది."

తెరిచింది. అమ్మ నా దిక్కే చూస్తాంది.

దవాఖానల ఆమె చెయ్యి పట్టుకొని పొద్దంత ఒక్కటే మాట అన్న, "కండ్లు మూయకమ్మా, మూయకు" అని. నా దిక్కు చూడమ్మా అని ఒక్కసారన్న అనకపోతిని.