మడతయ్య మేడ మీద సగం సూర్యుడు

చేతికందిన ప్రతిదాన్నీ మడతపెట్టడం ఇస్త్రీ కొట్టు మడతయ్యకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పేపరు దొరికితే నాలుగు మడతలు, సంచి దొరికితే ఎనిమిది. ఒకసారి నిద్రపోతున్న పిల్లి తోకను కూడా మడిచాడని వీధిలో చెప్పుకుంటారు. పిల్లి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు.

ముప్ఫై ఏళ్ళు బొగ్గుల ఇస్త్రీపెట్టె తోసి తోసి ఆయన కుడి భుజం పట్టేసింది. అందుకే ఇంటి మేడ మీద ఐదు కిలోవాట్ల సోలార్ పెట్టించి, రెండు కరెంటు ఇస్త్రీపెట్టెలు కొన్నాడు. కొటేషన్‌లో ఎండ రోజుల్లో ‘ఇరవై యూనిట్ల వరకు’ వస్తుందని రాసి ఉంది. రెండు నెలలైనా ఎంత ఎండ కాసినా తొమ్మిదిన్నర దాటలేదు. కరెంటు బిల్లు చూసిన భార్య అటక మీది బొగ్గుల పెట్టె దించి, బల్ల మీద ఠపీమని పెట్టింది.

“వచ్చే నెలా ఇంతే అయితే మళ్ళీ దీంతోనే.”

దాన్ని చూడగానే మడతయ్య భుజం ముందే మూలిగింది. వెంటనే కాగితం తీసుకుని సోలార్ పెట్టినతనికి ఉత్తరం మొదలుపెట్టాడు. “అయ్యా, మీ సూర్యుడు మా మేడకు ఒంటిపూట డ్యూటీకే వస్తున్నాడు. మిగతా పూట ఏ ఇంట్లో పనిచేస్తున్నాడో కనుక్కోగలరు...”

భార్య చదివి నెత్తి కొట్టుకుంది. “ఇది ఉత్తరమా, నాటకమా? గోడకున్న సోలార్ ఇన్వర్టర్ తెర మీద ఏముందో అది రాయండి. మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఆ రోజు మొత్తం ఒకసారి. పద్నాలుగు రోజులు.”

“తెర మీద ఉన్నదంతానా?”

“అంతా. మీకు అర్థం కాకపోయినా సరే.”

అలా పద్నాలుగు రోజుల లెక్క ఉత్తరంలో రెండో పేజీ అయింది. ఆమె నాటకమంతా కొట్టేసింది గానీ, ఒక్క వాక్యం దగ్గర ఆయన మొండికేశాడు: “ఈ పని పాడుచేసిన వాడెవడైనా సరే, వాణ్ణి నా బల్ల మీద పడుకోబెట్టి రెండు వైపులా ఇస్త్రీ చేస్తాను.”

ఉత్తరం అందగానే సోలారతను ఫోన్ చేశాడు. “బాబాయ్, సరిగ్గా చదవండి. ఇరవై ‘వరకు’ అన్నాం. తొమ్మిదీ ఇరవై లోపలేగా?”

“నీ ప్యాంటు మడమల వరకు ఇస్త్రీ చేయమంటే, మోకాళ్ళ దగ్గర ఆపేసి ఇదీ మడమల లోపలేగా అంటాను. వేసుకుని తిరుగుతావా? ముందు రెండో పేజీ తిప్పు.”

అవతల కాగితం తిరిగిన చప్పుడు.

“బాబాయ్... ఇక్కడ మొదటి వరుస రెండొందల వోల్టులు, రెండో వరుస సున్నా అని రాశారు. రోజూ సున్నానేనా?”

“రోజూనే. దానికి ఆదివారం కూడా సెలవు లేదు.”

“అలాగే ఉండండి, వస్తున్నా.”

వచ్చీ రాగానే మేడెక్కాడు. సోలార్ పలకలు పది, ఐదేసి చొప్పున రెండు వరుసలు. ఒక్కో వరుస కరెంటు విడిగా ఇన్వర్టర్‌కు చేరాలి. రెండో వరుస అసలు చేరడమే లేదు. సోలారతను పలకల కిందికి దూరాడు. కాసేపటికి కింద నుంచి వెక్కిళ్ళలాంటి నవ్వు వినిపించింది.

“బాబాయ్, ఇదేంటి?”

కలవాల్సిన రెండు వైర్ల కొనలు విడివిడిగా, అరచేతి కొలతకి చక్కగా మడిచి ఉన్నాయి. ఒక్కోదానికి గుడ్డపీలిక ముడి. పీలిక మీద మడతయ్య కొట్టు గుర్తు.

సోలారతను తన పనివాళ్ళకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. “బిగించిన రోజు సాయంత్రం వాన ముంచుకొస్తే మావాళ్ళు ఈ వరుస తెల్లారి కలుపుదామని వదిలేశారు. పొద్దున వచ్చి చూస్తే ఇంత నీట్‌గా కట్టి ఉందట. పనైపోయిందనుకుని పోయారు.”

భార్య నడుం మీద చెయ్యి వేసుకుంది. “ఏవండీ, అయితే బల్ల మీద పడుకోవాల్సింది ఎవరు?”

“వైరు అలా వేలాడుతుంటే నా ప్రాణం ఒప్పుకోలేదే!” అని నీళ్ళు నమిలాడు మడతయ్య. అంతలోనే తేరుకున్నాడు. “సరే, నేను మడిచాను. మరి పని అప్పగించే ముందు నువ్వు తెర చూసుకోవద్దా?”

“చూసుకోవాలి. అది ముమ్మాటికీ మా తప్పే. నేనూ మీ పక్కన పడుకుంటా.”

“పడుకో. బల్ల పెద్దదే.”

సోలారతను ముందు ఇన్వర్టర్, దాని పక్కనున్న సోలార్ స్విచ్ ఆపి, పీలికలు విప్పి, కొనలు రెండూ టిక్కుమనేదాకా నొక్కాడు. మళ్ళీ రెండూ ఆన్ చేశాడు. నిమిషమో రెండు నిమిషాలో ముగ్గురూ తెరకు కళ్ళప్పగించి నిలబడ్డారు. రెండో వరుసలో సున్నా చెరిగి రెండొందల మూడు పడింది. మడతయ్య ఆనందం పట్టలేక సోలారతని చేతిలోని ఉత్తరం లాక్కుని పదహారు మడతలు పెట్టాడు.

మర్నాడు పందొమ్మిదిన్నర యూనిట్లు. భార్య సోలారతణ్ణి మళ్ళీ పిలిపించి, కొటేషన్‌లో ‘వరకు’ అన్న మాట ఎర్ర పెన్నుతో కొట్టేయించి, పక్కన సంతకం పెట్టించుకుంది. బొగ్గుల పెట్టెను తిరిగి అటకెక్కించింది.

మేడ తలుపుకు తాళం కూడా వేసింది. తాళంచెవి ఆమె కొంగున ఉంటుంది. పైకి వెళ్ళాలంటే మడతయ్య చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని అడగాలి.