డొల్ల పలికిన గోడ

అతన్ని అందరూ అనుమానాల మేస్త్రి అంటారు. పుచ్చకాయనైతే అందరూ తట్టి చూస్తారు, అతను కుర్చీని కూడా తట్టి గాని కూర్చోడు. పద్నాలుగో ఏట ఇసుక జల్లించడంతో మొదలుపెట్టి, ముప్పై ఏళ్లుగా టైల్స్ అతికిస్తున్నాడు. సిమెంటు బస్తా విప్పితే పిడికెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడందే నీళ్లు పోయనివ్వడు. లోకంలో అతను తట్టి చూడకుండా నమ్మింది ఒక్కరినే, తనని.

అలాంటి మనిషికి కండక్టరమ్మ ఇంటినుంచి కబురొచ్చింది. ఆవిడ బస్సుల్లో ముప్పై ఏళ్లు టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఎదుటివాడి మొహం చూసి టికెట్ కొన్నాడో లేదో చెప్పగలదు. ఎనిమిదేళ్ల కింద ఆ ఇంట్లో బాత్రూమ్‌కి టైల్స్ వేసింది మేస్త్రి. గోడలోపల నీటి పైపులు వేసి, నీరు దిగకుండా వాటర్‌ప్రూఫింగ్ పూత పూసింది అతని బావ, అంటే సొంత అక్క మొగుడు, ప్లంబరు.

"బాత్రూమ్ పక్క గదిలో రంగు పొట్టుపొట్టుగా రాలిపోతోంది. మంచం జరిపితే గోడంతా చెమ్మ. మీ ఇద్దర్లో ఎవరిది తప్పో తేల్చండి, ఆ తర్వాతే మంచినీళ్లు," అంది కండక్టరమ్మ, బావనీ పిలిపించి.

మేస్త్రి స్క్రూడ్రైవర్ పిడితో షవర్ గోడ తట్టాడు. నాలుగు చోట్ల గట్టిగా పలికింది, పదకొండు చోట్ల డొల్లగా. టైల్ వెనక ఖాళీ ఉందన్నమాట. అతను గోడవైపు కాదు, బావవైపు చూశాడు.

"పైపు కారుతోందేమో బావా."

"కారితే మనం వాడినా వాడకపోయినా తడి ఉంటుంది కదరా. చూద్దాం," అన్నాడు బావ. పైపులకి ప్రెషర్ గేజ్ బిగించి పంపుతో ఒత్తిడి ఎక్కించాడు. ముల్లు పొద్దుటినుంచి సాయంత్రం దాకా కదల్లేదు. గేజ్ ముల్లు ఇరుక్కుందేమోనని మేస్త్రి దాన్నీ తట్టి చూశాడు. కదిలింది, మళ్లీ అక్కడికే వచ్చింది.

తర్వాత కింద నీళ్లు పోయే జాలీకి గుడ్డ కుక్కి, నేలమీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు రెండు రోజులు నిలబెట్టారు. పక్కగదిలో చెమ్మ అంచున కండక్టరమ్మ పెన్సిలుతో గీసిన గీత దాటలేదు. అంటే నేల తప్పు కాదు. ఇక గోడ. పూటకో అరగంట షవర్ నీళ్లు ఆ గోడమీదే కొట్టారు. మూడో రోజుకి చెమ్మ గీతని రెండంగుళాలు దాటింది.

"ఇంకేముంది, పూతే పోయింది," అన్నాడు మేస్త్రి. "నీళ్లు ఎక్కువ కలిపి పలచగా పూసుంటావు బావా. పూత మందు డబ్బాల్లో సగం ఎటుపోయిందో ఆ దేవుడికే తెలియాలి."

బావ మొహం ఎర్రబడింది. చెమ్మ పట్టిన గోడ దగ్గరికి వెళ్లి, దాని ఎత్తు మూరతో కొలిచి, బయటికి వెళ్లిపోయాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది అనుకున్నాడు మేస్త్రి. ఆ అనుకున్నది మనసులోనే ఉంచుకున్నా బాగుండేది. ఉంచుకోలేదు. హార్డ్‌వేర్ షాపులో చెప్పాడు. పొద్దున్నే మేస్త్రీలు పని కోసం నిలబడే కూడలిలో చెప్పాడు. బావ పూత మందులో నీళ్లు కలిపాడట అన్న మాట వారం తిరక్కుండా ఊళ్లో సగం గోడలకి పాకింది. బావని ఒప్పుకున్న రెండు పనులకి రావద్దన్నారు. అక్క ఫోన్ చేసి ఒకే మాట అంది. "అది నిజం కాకపోతే మా గడప తొక్కకు."

అక్క చేతిమీద పెరిగినవాడు. ఆ మాట అతని గుండెలో మేకులా దిగింది. అయినా తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. నిజమని చూపిస్తాను అని ఉలీ సుత్తీ తీసుకుని బయల్దేరాడు. కండక్టరమ్మ బలవంతం చేసి బావనీ పిలిపించింది. "ముద్దాయి లేకుండా తీర్పేమిటి?" అందావిడ.

టైల్స్ మధ్య కీళ్లలో నింపిన సిమెంటు గీకి, డొల్లగా పలికినవి ఒక్కొక్కటే ఊడదీశాడు. పెద్ద కష్టం కాలేదు, అవి అరచేతిలోకి జారి వచ్చాయి. ఒక్కో టైల్ వెనకా ఐదు సిమెంటు ముద్దలు, నాలుగు మూలలా నాలుగు, మధ్యలో ఒకటి. ముద్దల మధ్యంతా ఖాళీ, ఆ ఖాళీలో తడి. వెనకంతా నిండుగా పట్టించకుండా ముద్దలు వేసి నొక్కింది ఎవరో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

"ముద్దలు నావేలే. కానీ కీళ్లలోంచి లోపలికి దిగిన నీటిని ఆపాల్సింది పూత కదా!"

ఉలి కొసతో పూతని గీరాడు. ఊడి రాలేదు. గోరుతో లాగాడు. రబ్బరులా సాగి మళ్లీ గోడకే అతుక్కుంది. ఆరడుగుల ఎత్తు దాకా మందంగా, మూలల్లో పగుళ్లు రాకుండా అతికించిన జాలీగుడ్డతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఒక్కచోట తప్ప. నేలనుంచి మూరెడు ఎత్తులో, అడ్డంగా ఒకే వరసలో, జానెడు జానెడు దూరంలో ఏడు చిల్లులు. ఒక్కోదాని చుట్టూ చెమ్మ మరక.

"అవేమిటి?" అంది కండక్టరమ్మ.

మేస్త్రి తన మేకుల జాడ గుర్తుపట్టాడు. గోడకి టైల్స్ రెండో వరసనుంచి ఎక్కించేటప్పుడు, పైవి జారకుండా కింద అడ్డంగా చెక్కపట్టీ కట్టి మేకులు దిగగొడతాడు. టైల్స్ పట్టుకున్నాక మేకులు పీకి, పట్టీ తీసి, కింది వరస నింపేస్తాడు. ముప్పై ఏళ్లుగా అదే పద్ధతి, అవే రంధ్రాలున్న అదే పట్టీ. పూత లేని రోజుల్లో నేర్చుకున్న పద్ధతి. పూత పూసిన గోడమీదా చెయ్యి అలవాటుగా అదే చేసింది. డొల్లలో దిగిన నీళ్లన్నీ ఈ ఏడు చిల్లుల్లోంచే ఇటుకల్లోకి పోయాయి.

"నీకెప్పుడు తెలిసింది బావా?"

"చెమ్మ ఎత్తు కొలిచిన రోజే అనుమానం వచ్చింది."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే నమ్మేవాడివా?" అన్నాడు బావ.

మేస్త్రి వంగి, ఊడదీసిన టైల్స్ ఒక పక్కకి పేర్చడం మొదలుపెట్టాడు.

ఆ గోడ మొత్తం విప్పి, తడి లాగిన ప్లాస్టరు కొట్టేసి, ఆరనిచ్చి, కొత్త ప్లాస్టరు, దానిమీద ఒక పూత నిలువుగా, ఒకటి అడ్డంగా వేసి, ఈసారి టైల్స్ గమ్ముతో వెనకంతా నింపి అతికించాలి. పక్కగది గోడకి బాగా ఆరాకే రంగు. చిల్లులు మూసి పైన టైల్ కప్పేస్తే సరిపోదని ఇద్దరికీ తెలుసు. పనికి కావాల్సినవి రాసుకుని మేస్త్రి తిన్నగా హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాడు.

"బావ పూత శుభ్రంగా ఉందండీ. చిల్లులు పొడిచింది నా మేకులు."

షాపాయన నవ్వాడు. "అక్క మొహం చూసి అంటున్నావులే మేస్త్రీ. మాకు తెలీదా!"

కూడలిలోనూ అంతే. ఒట్టేసినకొద్దీ నవ్వారు. "బావ బాగా బతిమాలుకున్నాడేమిటి?" అన్నాడొకడు. నిజం చెబుతున్న మనిషిని నమ్మకపోతే లోపల ఎలా ఉంటుందో అతనికి మొదటిసారి తెలిసింది. వారం రోజులుగా బావ ఇలాగే తిరిగాడన్నమాట.

"మీరు చూసేదాకా ఆ ప్లాస్టరు కొట్టెయ్యను," అన్నాడు గట్టిగా. "రేపు పదింటికి అందరూ కండక్టరమ్మ ఇంటికి రండి."

మర్నాడు ఆరుగురు వచ్చారు. వాళ్ల వెనక అక్క కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. మేస్త్రి తన చెక్కపట్టీ తెచ్చి గోడకి ఆనించాడు. పట్టీకున్న ఏడు రంధ్రాలూ గోడమీది ఏడు చిల్లుల మీద సరిగ్గా కూర్చున్నాయి. సంచిలోంచి మేకులు తీసి, సుత్తి లేకుండా, ఒక్కొక్కటే వేలితో తోశాడు. ఏడూ మొదలంటా దిగాయి. ఎవరూ నవ్వలేదు.

"తట్టి చూసుకోండి," అన్నాడు మేస్త్రి. "నా మాట నమ్మొద్దు."